పెచ్చు వెనక చువ్వ

కాకినాడలో సముద్రానికి దగ్గరగా ఒక పాత ఇల్లు. స్లాబు వేసి ముప్పై అయిదేళ్లయింది. ఒక రాత్రి పడకగది కప్పు నుంచి చేటంత పెచ్చు ఊడి మంచం పక్కన పడింది. చూడమని పిలిస్తే వెళ్లాను. అప్పటికే మేస్త్రి వచ్చి ఉన్నాడు. "తుప్పు గీకేసి, సిమెంటు పాలు పూసి ప్లాస్టరు కొట్టేద్దామండి, రెండు రోజుల పని" అన్నాడు. ఆ ఇంటి వరండాలో రెండేళ్ల కిందట చేసింది అదే. సుత్తితో అక్కడ కొడితే డొల్లగా మోగింది.

ఎందుకలా అవుతుందో చెప్పాలి. కొత్త కాంక్రీటులో క్షారం ఎక్కువ. అది ఉన్నంతకాలం లోపలి ఇనుముకు తుప్పు పట్టదు. ఏళ్లు గడిచేకొద్దీ గాలిలోని బొగ్గుపులుసు వాయువు లోపలికి దిగి ఆ క్షారాన్ని చంపేస్తుంది. సముద్రపు గాలిలోని ఉప్పయితే క్షారం ఉన్నా ఇనుమును తినగలదు. తుప్పు ఇనుముకన్నా రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి, కింది కాంక్రీటును నెట్టి పగలగొడుతుంది. పెచ్చు ఊడటం ఆ జబ్బు చివర్లో బయటపడే గుర్తు మాత్రమే.

పగలగొట్టకముందు గది నిండా జాకీలు పెట్టించాం. చువ్వల చుట్టూ కాంక్రీటు తీస్తే ఆ కాసేపు స్లాబుకు బలం తగ్గుతుంది, అందుకని ఇది తప్పించుకోకూడని పని. తరువాత కప్పంతా చిన్న సుత్తితో తట్టుకుంటూ, డొల్లగా మోగిన చోటల్లా సుద్దతో గీశాం. కంటికి కనిపించింది చేటంత, గీతలోకి వచ్చింది తలుపంత. అంచుల వెంట గ్రైండరుతో సుమారు 10 మి.మీ. లోతున నిటారుగా కోయించాం. అంచు పలచగా జారిపోతే కొత్త మోర్టారు అక్కడే ముందు లేస్తుంది. తాజాగా పగిలిన ముఖం మీద ఫినాల్ఫ్తలీన్ చల్లితే, క్షారం మిగిలిన చోట గులాబీ రంగు వస్తుంది, చచ్చిపోయిన చోట రంగు రాదు. ఉప్పు సంగతి మాత్రం అది చెప్పదు.

ఇక అసలు పని. చువ్వ కింది సగం కనిపించగానే చాలామంది ఆపేస్తారు. కానీ చువ్వ వెనక కూడా తుప్పు ఉంటుంది, దాన్ని అక్కడే వదిలేస్తే రెండేళ్లకు కొత్త పూతను కిందికి నెట్టేస్తుంది. చువ్వ వెనక 20 నుంచి 25 మి.మీ. ఖాళీ రావాలి. నేనయితే వేలు పెట్టి చూస్తాను: చువ్వ చుట్టూ వేలు తిరిగితే సరే, లేకపోతే ఇంకా తీయాలి. పొడవునా కూడా శుభ్రమైన ఇనుము కనిపించేదాకా వెళ్లి, మరో 50 మి.మీ. తీయాలి. ఉప్పుగాలి ఊరు కాబట్టి వైర్ బ్రష్ ఒక్కదాన్నీ నమ్మలేదు. ఇసుక బ్లాస్టింగ్ చేయించి, మంచినీటితో కడిగి ఆరబెట్టాం.

శుభ్రం చేశాక చువ్వను వెర్నియర్‌తో కొలవాలి. ఆ స్లాబులో వేసింది 8 మి.మీ. టోర్ స్టీలు. చాలాచోట్ల ఏడున్నర ఉంది, మూడు చువ్వలు మాత్రం ఆరున్నరకు వచ్చాయి. ఒకటిన్నర మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది, కానీ బలం అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. 8 వర్గం 64, ఆరున్నర వర్గం 42. అంటే మూడో వంతు ఇనుము పోయింది. నాలుగో వంతు దగ్గరికి వచ్చిందంటే పక్కన కొత్త చువ్వ కట్టాల్సిందే, ఆ లెక్క స్ట్రక్చరల్ ఇంజనీరు చూడాలి. కొత్త చువ్వ చెడిన భాగం దాటి రెండు వైపులా మందానికి సుమారు 50 రెట్లు, అంటే 400 మి.మీ. మేర మంచి చువ్వతో కలిసి సాగాలి. దానికోసం బాగున్న కాంక్రీటునూ కొంత తీయక తప్పదు. ఇంటావిడకు బాధ కలిగించిన భాగం ఇదే.

కడిగిన ఇనుము ఉప్పుగాలికి గంటల్లోనే మళ్లీ ఎర్రబడుతుంది, కాబట్టి ఆరగానే అదే రోజు జింక్ ప్రైమరు పూశాం, వెనకవైపు కూడా. పాత కాంక్రీటును ముందురోజు బాగా తడిపి, పైన నీళ్లు నిలవకుండా తుడిచి, బంధం పూత వేశాం. ఆ పూత జిగురుగా ఉండగానే పాలిమర్ మోర్టారు పట్టించాలి. మేస్త్రి టీకి వెళ్లొచ్చేలోగా ఆరిపోతే అంటించాల్సిన పూతే విడదీసే పొర అవుతుంది, గీకి మళ్లీ వేయాలి. మోర్టారును 10, 12 మి.మీ. పొరలుగా చేత్తో గట్టిగా చువ్వ వెనకకు నొక్కుతూ పట్టించాం. దూలాల్లో లోతు ఎక్కువైతే ఇలా కాదు, పెట్టె కట్టి మైక్రో కాంక్రీటు పోయడం మేలు. తడి ఎన్నాళ్లు పట్టాలో సంచీ మీద రాసి ఉంటుంది. కప్పు మీద గోనెలు నిలవవు గనక స్ప్రేయరుతో తడిపాం.

డాబా మీద పగుళ్లు పూడ్చి నీరు దిగకుండా చేసేదాకా జాకీలు తీయనివ్వలేదు. అయినా ఒక భయం మిగిలే ఉంటుంది. బాగుచేసిన ముక్క అంచుకు ఆవల, ఉప్పున్న పాత కాంక్రీటులో, అంతవరకు నిదానంగా ఉన్న చువ్వ ఇప్పుడు ముందు తుప్పు పట్టవచ్చు. అందుకే ప్రతి వానాకాలం అయ్యాక ఆ అంచు చుట్టూ అడుగు మేర సుత్తితో తట్టి వినమని ఇంటావిడకు చెప్పాను. మొదటి ఏడాది గట్టిగానే మోగింది.