ట్రాఫిక్ లైటా, యూఆర్టా?

వెరిలాగ్ నేర్చుకునేవాళ్లు ఎఫ్‌పీజీఏ బోర్డు మీద ట్రాఫిక్ లైటుతో మొదలుపెట్టవచ్చు. ఒక స్థితి నుంచి మరో స్థితికి మారడం నేర్చుకోవడానికి అది చాలు. కానీ పచ్చలైటు పావు సెకను ఆలస్యంగా వెలిగినా ఎవరి కంటా పడదు.

యూఆర్ట్ అలా ఊరుకోదు. బేసిస్ 3 బోర్డు క్లాకు 100 మెగాహెర్ట్జ్. 115200 బాడ్ వేగంతో పంపాలంటే ఒక్కో బిట్‌ను 868 క్లాకుల పాటు నిలపాలి. ముందు స్టార్ట్ బిట్‌గా సున్నా, తర్వాత కుడి చివర నుంచి ఎనిమిది డేటా బిట్లు, ఆఖరున స్టాప్ బిట్‌గా ఒకటి.

తప్పు జరిగితే కంప్యూటర్ తెరే చెబుతుంది. ‘L’ పంపితే ‘2’ వచ్చిందంటే బిట్ల వరుస తిరగబడినట్టే! అన్నీ అర్థంలేని గుర్తులైతే ముందు ఆ 868 లెక్క చూసుకోవాలి.

ఒక్క ప్రాజెక్టుకే సమయముంటే యూఆర్టే మేలు. పంపే భాగం పనిచేశాకే అందుకునే భాగం జోలికి వెళ్లండి.