సాగర్ 86 శాతం నిండలేదు

వానాకాలం వచ్చిందంటే ఫోన్ల నిండా ప్రాజెక్టుల షార్ట్స్ తిరుగుతాయి. గేట్ల దృశ్యాలు, పెద్ద అక్షరాల్లో ఒక అంకె, దానికో పోలిక, అన్నీ అర నిమిషంలోనే. చూసేవాళ్లకు గుర్తుండాలంటే అంకెను గుండ్రం చేయాలి, తెలిసినదానితో పోల్చాలి. అందులో తప్పు లేదు. కానీ ఇలా చెప్పే లెక్కల్లో ఒకదాన్ని చూస్తూ ఊరుకోవడం నావల్ల కాదు. అది ఇలా ఉంటుంది: "నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు, ఇప్పుడు 510 అడుగులు. అంటే ప్రాజెక్టు 86 శాతం నిండింది!"

భాగహారం సరిగ్గానే ఉంది. 510ని 590తో భాగిస్తే 86 శాతమే వస్తుంది. వినడానికి తేలిక, ఒక్కసారి వింటే మరచిపోలేం. అందుకే ఇది అంత ప్రమాదం. ఎడమ కాల్వ కింద నల్గొండ, ఖమ్మం వైపు గానీ, కుడి కాల్వ కింద పల్నాడు, ప్రకాశం వైపు గానీ రైతు ఈ మాట నమ్మితే ఏం చేస్తాడు? ప్రాజెక్టు నిండబోతోంది కదా అని నారు పోసుకుంటాడు. నారు పెరగడానికి నెల చాలు. ఆలోగా కాల్వకు నీళ్లు రాకపోతే నారు ముదిరిపోతుంది, విత్తనాల డబ్బు, దుక్కి ఖర్చు మట్టిలో కలుస్తాయి. 510 అడుగుల దగ్గర సాగర్‌లో కాల్వలకు ఇవ్వదగిన నీళ్లు దాదాపు లేనట్టే. సాగుకు నీళ్లు తీసుకోవడానికి పెట్టుకున్న కనీస మట్టమే 510.

అపోహ: మట్టాన్ని పూర్తి మట్టంతో భాగిస్తే ఎంత నిండిందో తెలుస్తుంది.

తెలియదు. ఎందుకో కాస్త వివరంగా చూద్దాం.

ప్రాజెక్టుల దగ్గర చెప్పే అడుగులు ప్రాజెక్టు అడుగు నుంచి లెక్కపెట్టినవి కావు, సముద్ర మట్టం నుంచి లెక్కపెట్టినవి. సాగర్ ఆనకట్ట పునాది నుంచి సుమారు 400 అడుగుల ఎత్తు, దాని పైఅంచు సముద్ర మట్టానికి 600 అడుగుల పైచిలుకు. ఆ 590లో మొదటి రెండు వందల అడుగులు ప్రాజెక్టు కిందున్న నేల. అక్కడ నీళ్లు ఎప్పుడూ లేవు, ఉండబోవు. మేడ మీద నిలబడిన పిల్లవాడి ఎత్తును వీధి నుంచి కొలిచినట్టుంది ఈ లెక్క. పిల్లవాడు ఎంత పెరిగినా, పెరగకపోయినా, మేడ ఎత్తే అంకెనంతా మింగేస్తుంది.

రెండో సంగతి జలాశయం ఆకారం. కింద సన్నగా ఉండి పైకి వెళ్లేకొద్దీ విశాలమవుతుంది. సాగర్ నిండుగా ఉన్నప్పుడు నీళ్లు సుమారు 285 చదరపు కిలోమీటర్ల మేర పరచుకుంటాయి. అక్కడ ఒక్క అడుగు పెరిగితే మూడు టీఎంసీలు చేరినట్టు. 510 దగ్గర ఒక్క అడుగుకు రెండు టీఎంసీలు కూడా రావు. ఒకే అడుగు పైన ఒక లెక్క, కింద ఒక లెక్క అయినప్పుడు అడుగులను అడుగులతో భాగించి నీళ్ల శాతం చెప్పడం కుదరదు.

మరి నిజంగా ఎంతుంది? పూర్తి మట్టంలో సాగర్ నిల్వ 312 టీఎంసీలు. 510 దగ్గర సుమారు 131. అంటే నిల్వలో 42 శాతం, సగానికి తక్కువ. పోనీ 42 అని చెబితే సరిపోతుందా అంటే, రైతుకు చెప్పేటప్పుడు అదీ సరిపోదు. ఆ 131 టీఎంసీలు కనీస మట్టానికి కిందున్నవి. అనావృష్టి ఏడాదుల్లో తాగునీటి కోసం 510 కిందికి దిగిన సందర్భాలున్నాయి గానీ, నాట్ల కోసం వాటిని లెక్కలో వేసుకోకూడదు. కాబట్టి సాగు మాట చెబుతున్నప్పుడు పునాది అంకె 312 కాదు. అందులోంచి 131 తీసేస్తే మిగిలే 180 చిల్లర.

శ్రీశైలానిదీ ఇదే కథ. 885 అడుగులకు 854 అంటే 96 శాతం అనిపిస్తుంది. అప్పుడు ఉండేది 215 టీఎంసీలకు 90 మాత్రమే.

ఇప్పుడు ఒక షార్ట్‌కు ఇది ఎలా మారుతుందో చూద్దాం. ఉదయపు నివేదికలో సాగర్ నిల్వ 190.38 టీఎంసీలు అని ఉందనుకోండి. ఈ అంకెను ఎవరూ గుర్తుంచుకోరు. అలాగని దాన్ని వెంటనే 190 చేసి 312తో భాగిస్తే 61 శాతం వస్తుంది, మళ్లీ దారి తప్పాం. ముందు తీసివేత చేయాలి, గుండ్రం చేయడం ఆఖరున. 190.38లోంచి 131.66 తీస్తే 58.72. దీన్ని 60 అనవచ్చు. ప్రాజెక్టు నిండితే ఇవ్వగలిగింది 180. అరవై, నూట ఎనభై: మూడో వంతు. "సాగర్‌లో సాగుకు వాడుకోగల నీళ్లు ఇప్పుడు మూడో వంతు ఉన్నాయి" అన్నది అయిదు సెకన్లలో చెప్పగల వాక్యం, పక్కవాడికి తిరిగి చెప్పినా చెడని వాక్యం. దాని వెంటనే ఇంకొక్క మాట కలపాలి. ఈ అరవైలో రెండు రాష్ట్రాల వాటాలున్నాయి, హైదరాబాద్ తాగునీళ్లూ ఇందులోంచే పోతాయి. ఆ మాట లేకపోతే మూడో వంతు కూడా ఆశ పెంచే అంకె అవుతుంది.

మొదట చెప్పిన 510 అడుగుల రోజుకే తిరిగి వెళితే, అప్పుడు చెప్పవలసింది శాతం కాదు, కాలం. లక్ష క్యూసెక్కులు రోజంతా వస్తే ఎనిమిదిన్నర టీఎంసీలు చేరతాయి. ఇది నోటికి వచ్చేయాలి. నిండడానికి కావలసింది 180. కాబట్టి లక్ష క్యూసెక్కుల వరద, కిందికి చుక్క వదలకుండా, మూడు వారాలు ఆగకుండా రావాలి. "ఇంకా 14 శాతమే ఖాళీ" విన్న రైతు నారు పోస్తాడు. "ఇంకా మూడు వారాల వరద కావాలి" విన్న రైతు శ్రీశైలం నుంచి ఎంత వదులుతున్నారో చూసి నిర్ణయించుకుంటాడు. రెండూ చెప్పేది ఒకే నీళ్ల గురించి.

అపోహ: అడుగుల్లో చెప్పడమే తప్పు.

కాదు, ఇక్కడ నేను కొంత తగ్గాలి. భద్రాచలంలో గోదావరి వచ్చినప్పుడు అడుగులను మించిన భాష లేదు. 43కు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కు మూడోది. 2022 జులైలో నీళ్లు 71 అడుగులు దాటాయన్నది అక్కడివాళ్లకు పోలిక అక్కర్లేని అంకె, ఎందుకంటే 53కు ఏ వీధి మునుగుతుందో వాళ్లకు తెలుసు. ఆ కొలత సముద్రం నుంచి కాదు, అక్కడి నదీ కొలబద్ద నుంచే. వరద షార్ట్ చేసేవాళ్లు అడుగులే వాడాలి, శాతం జోలికి పోకూడదు. నిల్వ గురించి చేసేవాళ్లు ఇందుకు తలకిందులుగా అడుగులను వదలాలి.

అపోహ: పోలిక ఎంత పెద్దదైతే అంత బాగా గుర్తుంటుంది.

ఒక టీఎంసీ అంటే ఒలింపిక్ ఈతకొలనులు పదకొండు వేలు. లెక్క నిజమే. కానీ ఒలింపిక్ ఈతకొలను ఎందరు చూశారు? చూసినా పదకొండు వేల కొలనులను మనసులో ఎవరు పేర్చుకోగలరు? పదివేల లీటర్ల ట్యాంకర్లలో చెబితే ఒక్క టీఎంసీకి 28 లక్షలు కావాలి. ఊహకందని ఒక అంకె స్థానంలో ఊహకందని ఇంకో అంకెను పెట్టినట్టయింది. పోలిక పెట్టాక మిగిలే అంకె వేళ్ల మీద లెక్కపెట్టగలిగేది కావాలి. టీఎంసీని పదివేల ఎకరాల మీద పరిస్తే రెండడుగులకు కాస్త పైన నిలుస్తుంది, మోకాలు దాటుతుంది. ఒక మండలంలో ఎన్ని ఎకరాలు సాగవుతాయో తెలిసిన రైతుకు ఇది వెంటనే కంటికి కడుతుంది. ఒక్క జాగ్రత్త: ఇది నీళ్ల పరిమాణం చూపించడానికే. టీఎంసీతో పదివేల ఎకరాల వరి పండుతుందని దీన్నుంచి తేల్చకూడదు. వరికి ఇంతకంటే చాలా ఎక్కువ నీళ్లు కావాలి.

గుండ్రం చేస్తే అబద్ధమవుతుందన్న భయం అనవసరం. అయితే గుండ్రం చేయడం గడప దాటించకూడదు: 509.7ను 510 అంటే కాల్వలకు నీళ్లు అందే మట్టం వచ్చేసిందని చెప్పినట్టు, 52.8ను 53 అంటే మూడో హెచ్చరిక చెప్పినట్టు. అలాంటి చోట "510కి కాస్త తక్కువ" అనాలి.

ఇంకొన్ని అపోహలు క్లుప్తంగా. దశాంశాలుంటే నమ్ముతారన్నది తప్పు, గుర్తుంచుకోరు అంతే. క్యూసెక్కు, టీఎంసీ ఒకటే అనుకోవడం తప్పు, మొదటిది నీళ్లు వచ్చే వేగం, రెండోది కుప్ప. సాగర్ నిల్వ 408 టీఎంసీలన్నది పూడిక చేరకముందు లెక్క, ఇప్పుడు దానితో పోల్చకూడదు.

షార్ట్ చేసేవాళ్లకు నా కోరిక ఇది. ఒక వీడియోకు ఒకే అంకె, ఒకే పోలిక పెట్టండి. నోటితో "మూడో వంతు" అనండి, తెర మీద చిన్న అక్షరాల్లో 58.72 టీఎంసీలు అని, దాన్ని ఏ అంకెలోంచి ఏది తీస్తే వచ్చిందో చూపండి. అనుమానమున్నవాడు ఆపి చూసుకుంటాడు. ఆ అంకె ఏ రోజు, ఏ గంటకు తీసుకున్నదో దృశ్యంలోనే వేయండి, కింద వివరణలో కాదు. వివరణ వాట్సాప్‌కు వెళ్లదు, దృశ్యం వెళుతుంది. తేదీ లేని పాత వీడియో మళ్లీ తిరగడం మొదలైతే సరైన లెక్క కూడా తప్పుడు వార్తే అవుతుంది. చేశాక ప్రాజెక్టు సంగతి తెలియని ఇంట్లోవాళ్లకు ఒక్కసారి చూపి, "ఏం అర్థమైంది?" అని అడగండి. "దాదాపు నిండిందట" అన్న జవాబు వచ్చిందంటే ఆ వీడియో విడుదల చేయకండి, పునాది అంకెను మళ్లీ చూసుకోండి.