మాదాపూర్ అద్దెలో మనకూ వాటా

హైదరాబాద్ మాదాపూర్‌లోని మైండ్‌స్పేస్ భవనాలకు ఐటీ కంపెనీలు కట్టే అద్దెలో కాస్త మన చేతికీ రావాలంటే డీమ్యాట్ ఖాతా ఉంటే చాలు. రిజిస్ట్రేషన్ ఆఫీసు చుట్టూ తిరగక్కర్లేదు. ఆ భవనాల్లో పెద్ద వాటా ఉన్న మైండ్‌స్పేస్ బిజినెస్ పార్క్స్ రీట్ 2020 ఆగస్టులో స్టాక్ మార్కెట్లోకి వచ్చింది. ఇష్యూలో యూనిట్ ధర 275 రూపాయలు. షేరు కొన్నట్టే ఇప్పుడు ఒక్క యూనిట్ అయినా కొనుక్కోవచ్చు.

రీట్ అంటే అద్దెలొచ్చే భవనాలను ఒక ట్రస్టు కింద చేర్చి, దాన్ని యూనిట్లుగా అమ్మడం. సెబీ నిబంధనల ప్రకారం ఆస్తుల విలువలో కనీసం 80 శాతం కట్టడం పూర్తయి, ఆదాయం తెస్తున్నవే ఉండాలి. పంచదగిన నగదులో 90 శాతానికి తగ్గకుండా యూనిట్‌దారులకు ఇవ్వాలి. మన రీట్లు సాధారణంగా మూడు నెలలకోసారి పంచుతాయి.

అయితే ఖాతాలో పడిన సొమ్మంతా అద్దె అనుకుంటే పొరపాటే. అందులో వడ్డీ, డివిడెండ్, అసలు తిరిగి రావడం కలిసి ఉంటాయి. రీట్ తన కింది కంపెనీలకు అప్పిస్తుంది. అవి తీర్చే అసలు కూడా మనకు పంపిణీ అవుతుంది. ఉదాహరణకు, 400 రూపాయలకు కొన్న యూనిట్‌పై ఏడాదికి 24 రూపాయలు వచ్చాయనుకుందాం. చూడ్డానికి 6 శాతం. అందులో 8 రూపాయలు అసలు కింద వచ్చినవైతే నిజమైన రాబడి 16 రూపాయలే, అంటే 4 శాతం. ఆ 8 మీద సాధారణంగా అప్పటికప్పుడు పన్ను పడదు కానీ, కొన్న ధర 392గా లెక్కకొస్తుంది. రేపు 420కి అమ్మితే లాభం 20 కాదు, 28. వడ్డీ మీద మాత్రం శ్లాబును బట్టి పన్ను తప్పదు. డివిడెండ్‌పై పన్ను, కింది కంపెనీ ఎంచుకున్న పన్ను విధానాన్ని బట్టి ఉంటుంది. ఏ భాగం ఎంతో ప్రతి పంపిణీ ప్రకటనలోనూ రాస్తారు. చాలామంది చదవనిది అదే.

యూనిట్ ధరకూ హామీ లేదు. దేశంలో మొదటి రీట్ ఎంబసీ 2019లో 300 రూపాయలకు వచ్చి, ఏడాది తిరక్కుండానే 400 దాటింది. కొవిడ్ తర్వాత ఇంటి నుంచి పని, పెరిగిన వడ్డీ రేట్లు కలిసి 2023లో దాన్ని మళ్లీ 300 దగ్గరకు దించాయి. పైన కొన్నవాళ్లకు పంపిణీ అందుతూనే ఉన్నా, పెట్టుబడి విలువ మాత్రం కరిగింది.

కొనే ముందు త్రైమాసిక నివేదికలో ఎంత స్థలం ఖాళీగా ఉందో, పెద్ద అద్దెదారుల ఒప్పందాలు ఎప్పుడు ముగుస్తాయో చూడాలి. అప్పు ఆస్తుల విలువలో 49 శాతం మించకూడదన్నది నిబంధన. ఆ అంచుకు చేరువైన కొద్దీ వడ్డీ ఖర్చు పెరిగి పంపిణీ తగ్గుతుంది.