పెద్దలను పట్టే కోరింత దగ్గు

జలుబు ఎప్పుడో తగ్గింది, జ్వరమూ లేదు, అయినా దగ్గు తెరలు తెరలుగా వస్తూనే ఉంటే అది కోరింత దగ్గేమో అన్న అనుమానం మనలో చాలామందికి రాదు. అది పసిపిల్లల జబ్బనే అనుకుంటాం.

బడిలో పాఠాలు చెప్పే 40 ఏళ్ల టీచరుకు ఇది సోకిందనుకుందాం. మొదటి వారం, పది రోజులు ముక్కు కారడం, చిన్న దగ్గు, అంతే. ఎదుటివాళ్లకు ఎక్కువగా అంటుకునేది అప్పుడే. ఆ తర్వాత అసలు దగ్గు మొదలవుతుంది. ఊపిరి పీల్చుకునే సందు కూడా ఇవ్వకుండా వరసగా దగ్గు వస్తుంది. ముఖం కందిపోతుంది, కళ్ల వెంట నీళ్లు కారతాయి, చివరికి వాంతి అవుతుంది. రాత్రిళ్లు మరీ ఎక్కువ. తెర ఆగాక మనిషి మామూలుగానే ఉంటారు. డాక్టరు ముందు కూర్చున్నప్పుడు ఒక్క దగ్గూ రాకపోవచ్చు. పిల్లల్లో దగ్గు చివర వినిపించే కూత పెద్దల్లో చాలాసార్లు ఉండదు. జబ్బు దొరక్కుండా పోయేది అందుకే.

గొంతు నొప్పి చాలావరకు ఆ దగ్గు ఒరిపిడికే వస్తుంది. చప్పరించే బిళ్లలతో మంట తగ్గుతుంది కానీ దగ్గు ఆగదు. పక్కటెముకలు నొప్పెడతాయి, ఒక్కోసారి చిట్లుతాయి కూడా. కొందరు ఆడవాళ్లకు దగ్గినప్పుడు మూత్రం జారుతుంది.

రెండు వారాలు దాటిన దగ్గుకు మన దగ్గర ముందు క్షయ పరీక్ష చేయించాలి. కోరింత దగ్గును పట్టుకోవడానికి ముక్కు లోపలి నుంచి నమూనా తీసి పీసీఆర్ చేస్తారు. దగ్గు మొదలైన మూడు వారాల్లోపు చేస్తేనే అది బాగా పనికొస్తుంది. అజిత్రోమైసిన్ లాంటి మందు అయిదు రోజులు వాడితే ఇతరులకు అంటడం ఆగుతుంది. కానీ బాక్టీరియా విషం అప్పటికే శ్వాసనాళాల లోపలి పొరను దెబ్బతీసి ఉంటుంది. అది కోలుకునేదాకా, అంటే రెండు మూడు నెలలైనా దగ్గు సాగవచ్చు.

చిన్నప్పుడు టీకాలన్నీ వేయించాం కదా అంటారు. ఆ రక్షణ కొన్నేళ్లకే తగ్గిపోతుంది. మన ప్రభుత్వ షెడ్యూలులో కోరింత దగ్గు టీకా చివరి డోసు 5-6 ఏళ్లప్పుడే. 10, 16 ఏళ్లకు వేసే టీడీలో, దెబ్బ తగిలినప్పుడు వేసే ఇంజెక్షన్‌లో ఈ టీకా ఉండదు. పెద్దల బూస్టరు టీడ్యాప్. దాన్ని ఎక్కువగా ప్రైవేటులోనే వేయించుకోవాలి.

ఈ బూస్టరు అవసరం పసికందు ఉన్న ఇంట్లో బాగా తెలుస్తుంది. బిడ్డకు మొదటి డోసు ఆరు వారాలకు గానీ పడదు. ఈలోగా ఇంట్లో ఎవరి దగ్గు సోకినా ప్రమాదమే. అంత చిన్నపిల్లలు దగ్గకుండానే ఊపిరి ఆగి నీలంగా మారిపోవచ్చు. పెద్దలు బూస్టరు వేయించుకున్నంత మాత్రాన బిడ్డకు పూర్తి రక్షణ దొరికినట్టు కాదు. గర్భిణికి 27 నుంచి 36 వారాల మధ్య టీడ్యాప్ వేస్తే మాత్రం, తల్లి రక్తంలోని యాంటీబాడీలు పుట్టకముందే బిడ్డకు చేరతాయి. ప్రతి కాన్పుకూ మళ్లీ వేయించాలి.

మీ ఇంట్లో ఏడో నెల గర్భిణి ఉంటే ఈసారి చెకప్‌లో ఈ టీకా గురించి అడగండి. దగ్గుతున్నవాళ్లు ఎంత దగ్గరి చుట్టాలైనా సరే, బిడ్డను ఎత్తుకోనివ్వకండి.