సోడాలో సోడియం ఉందా?

బీపీ ఉంది, ఉప్పు తగ్గించమని డాక్టరు చెప్పగానే చాలా ఇళ్లల్లో ముందు పచ్చళ్లు, అప్పడాలు పక్కకు జరుగుతాయి. కొందరు వాటితో పాటు సోడా కూడా మానేస్తారు. పేరులోనే సోడా ఉంది కనుక అందులో సోడియం ఉండి తీరుతుందని వాళ్ల అనుమానం. ఇంకొందరు సోడా బదులు పెద్ద షాపుల్లో దొరికే స్పార్క్లింగ్ మినరల్ వాటర్ కొంటారు. ప్రకృతి సిద్ధమైన నీళ్లు కదా, వాటిలో సోడియం ఉండదని వాళ్ల ధీమా. ఆ అనుమానమూ పూర్తిగా సరైంది కాదు, ఈ ధీమా కూడా కాదు. రెండింట్లోనూ బుడగలు కార్బన్ డయాక్సైడ్ వాయువువే. కానీ ఆ రెండు నీళ్లూ ఒకటి కావు. వాటిలోకి సోడియం వచ్చే దారులు కూడా వేరు.

ముందు మామూలు సోడా సంగతి చూద్దాం. వడకట్టిన నీటిని బాగా చల్లబరిచి, ఒత్తిడితో అందులోకి కార్బన్ డయాక్సైడ్ ఎక్కిస్తే అదే సోడా. నీళ్లు ఎంత చల్లగా ఉంటే గ్యాస్ అంత ఎక్కువ కరుగుతుంది. సీసా మూత తీయగానే ఒత్తిడి పోతుంది, కరిగిన గ్యాస్ బుడగలై బయటికొస్తుంది. నీటిలో కరిగిన గ్యాస్‌లో కొద్దిభాగం కార్బానిక్ ఆమ్లంగా మారుతుంది. సోడా తాగగానే నాలుక చురుక్కుమనడానికి ముఖ్య కారణం అదే. ఇంత పనిలో ఎక్కడా సోడియం అవసరం లేదు. కార్బన్ డయాక్సైడ్‌లో ఉండేవి కార్బన్, ఆక్సిజన్ మాత్రమే. కాబట్టి గోలీ సోడా అయినా, మిషన్ సోడా అయినా, ఉత్త సోడాలో ఎంత సోడియం ఉందనేది అందులో వాడిన నీటిని బట్టి ఉంటుంది. ఉప్పదనమున్న బోరు నీటిని శుద్ధి చేయకుండా వాడితే ఆ సోడియం సోడాలోకీ వస్తుంది. ఆర్వో చేసిన నీళ్లయితే నామమాత్రంగా ఉంటుంది.

మరి ఈ పేరెందుకు వచ్చింది? జోసెఫ్ ప్రీస్ట్లీ 1767లో ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఒక బీరు తయారీశాల పక్కన ఉండేవాడు. పులుస్తున్న తొట్ల మీద తేలే వాయువును నీటిలో కలిపే పద్ధతి కనిపెట్టి, 1772లో దాన్ని పుస్తకంగా అచ్చువేశాడు. అప్పటికే యూరప్‌లో ఊటల నుంచి సహజంగా బుడగలతో వచ్చే ఖనిజ జలాలను మందుగా తాగేవారు. వాటిని దూరప్రాంతాలకు మోసుకెళ్లడం ఖర్చుతో కూడిన పని. అందుకని అలాంటి నీళ్లను ఇక్కడే తయారు చేయాలనుకున్నవాళ్లు గ్యాస్‌తో పాటు సోడియం బైకార్బనేట్ లాంటి లవణాలు కూడా కలిపారు. 1783లో జెనీవాలో యాకోబ్ ష్వెప్ ఇలాంటి నీటి వ్యాపారం మొదలుపెట్టి, 1792లో లండన్‌కు మార్చాడు. ఆ లవణాల వల్ల వచ్చిన సోడా అన్న పేరు, లవణాలు కలపని నీటికి కూడా అలాగే ఉండిపోయింది.

లవణాలు కలిపే ఆ పాత అలవాటు నేటికీ ఒక రకం సోడాలో బతికే ఉంది. దాన్నే క్లబ్ సోడా అంటారు. సోడియం బైకార్బనేట్, సోడియం సిట్రేట్, పొటాషియం సల్ఫేట్ లాంటి వాటిలో ఒకటో రెండో కొద్దిగా కలుపుతారు. ఉత్త సోడాలోని ఆమ్లపు కరుకుదనాన్ని ఇవి మెత్తబరుస్తాయి, ఊట నీటి రుచిని కొంత తెస్తాయి. అమెరికాలో ఏమీ కలపనిదాన్ని సెల్ట్‌జర్ అని, లవణాలు కలిపినదాన్ని క్లబ్ సోడా అని వేరువేరుగా అమ్ముతారు. అమెరికా వ్యవసాయ శాఖ ఆహార పట్టికల ప్రకారం క్లబ్ సోడాలో 100 మి.లీ.కు సుమారు 21 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. మన దగ్గర సీసా మీద సోడా అని రాసి ఉన్నా, క్లబ్ సోడా అని రాసి ఉన్నా, ఆ పేరును బట్టి లోపల ఏమి కలిపారో తేల్చుకోలేం. అందుకు పదార్థాల జాబితానే చూడాలి.

ఇక మినరల్ వాటర్. మన ఊళ్లలో ఇంటికి వచ్చే 20 లీటర్ల క్యాన్‌ను అందరం మినరల్ వాటర్ అనే అంటాం. నిజానికి అది చాలావరకు ఆర్వో ప్లాంటులో ఖనిజాలను తీసేసిన నీరు. ఖనిజ జలం అంటే భూగర్భంలో ఒక గుర్తించిన ఊట నుంచి తీసి, దాని సహజ ఖనిజాలతోనే సీసాలో నింపినది. యూరప్‌లోనూ, అమెరికాలోనూ ఇందులోకి బయటి నుంచి ఖనిజాలు కలపడానికి వీల్లేదు. బుడగల విషయంలో మాత్రం సడలింపు ఉంది. గ్యాస్ ఊటతో పాటే రావచ్చు, అదే ఊట నుంచి విడిగా పట్టిన గ్యాస్‌ను మళ్లీ కలపవచ్చు, లేదా బయటి గ్యాస్ ఎక్కించవచ్చు. వీటిలో ఏది జరిగిందో సీసా మీద చెప్పాలన్నది యూరప్ నియమం.

కాబట్టి స్పార్క్లింగ్ మినరల్ వాటర్‌లో కలిపిన సోడియం ఉండదు. అంతమాత్రాన సోడియమే ఉండదని కాదు. కార్బన్ డయాక్సైడ్ కలిసిన నీరు కొంత ఆమ్లగుణంతో రాళ్లను కరిగిస్తూ పైకి వస్తుంది. ఏ రాళ్ల గుండా వచ్చిందో ఆ రాళ్ల లక్షణం నీటికి అంటుకుంటుంది. జర్మనీలోని గెరోల్‌స్టైన్ ప్రాంతంలో నీరు డోలమైట్ శిలల గుండా వస్తుంది. అందుకే గెరోల్‌స్టైనర్ నీటిలో కాల్షియం, మెగ్నీషియం దండిగా ఉండి, సోడియం లీటరుకు సుమారు 118 మిల్లీగ్రాముల దగ్గరే ఆగుతుంది. ఫ్రాన్స్‌లోని విషీ సెలెస్తాన్ ఊట నీటిలో ప్రధానంగా ఉండేది సోడియం బైకార్బనేటే. అందులో సోడియం లీటరుకు 1,100 మిల్లీగ్రాములు దాటుతుంది. అదే ఫ్రాన్స్‌కు చెందిన పెరియే నీటిలో లీటరుకు 10 మిల్లీగ్రాముల చుట్టూ మాత్రమే. మూడూ స్పార్క్లింగ్ మినరల్ వాటర్లే, మూడింట్లోనూ బయటి నుంచి కలిపిన ఖనిజాలు ఏమీ లేవు. అయినా ఒకదానికీ ఇంకోదానికీ మధ్య వంద రెట్లకు పైగా తేడా!

ఇప్పుడు ఒక లెక్క వేసి చూద్దాం. పెద్దవాళ్లు రోజుకు 2,000 మిల్లీగ్రాముల కంటే తక్కువ సోడియం తీసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే రోజు మొత్తానికి 5 గ్రాముల లోపు ఉప్పు. బీపీ ఉన్న మనిషి ఒకరు సాయంత్రం 300 మి.లీ. సోడా తాగుతారనుకుందాం. సోడా తయారీకి వాడిన నీటిలో లీటరుకు 40 మిల్లీగ్రాముల సోడియం ఉంటే, ఉత్త సోడా ద్వారా ఆయన ఒంట్లోకి వెళ్లేది 12 మిల్లీగ్రాములు. పైన చెప్పిన క్లబ్ సోడా అయితే 63. గెరోల్‌స్టైనర్ అయితే 35. అంటే లవణాలు కలిపిన సోడా తాగినా రోజు పరిమితిలో మూడు శాతం చిల్లరే. విషీ నీళ్లయితే మాత్రం అదే గ్లాసులో దాదాపు 350 మిల్లీగ్రాములు, పరిమితిలో ఆరో వంతు పైనే.

అదే మనిషి బండి దగ్గర నిలబడి నిమ్మసోడా అడిగారనుకోండి. ఉప్పా, పంచదారా అని బండి అతను అడుగుతాడు. షుగర్ కూడా ఉన్నవాళ్లు ఉప్పే వేయమంటారు. అతను అర టీస్పూను వేస్తే అది సుమారు 3 గ్రాములు. ఉప్పు బరువులో 40 శాతం దాకా సోడియమే. అంటే ఆ ఒక్క గ్లాసులో దాదాపు 1,200 మిల్లీగ్రాములు, రోజు పరిమితిలో సగం కంటే ఎక్కువ. సోడా సీసాలో ఉన్నది పది, పన్నెండు మిల్లీగ్రాములు. మిగతాదంతా చెంచాతో పడింది. ఉప్పు లేకుండా నిమ్మరసం పిండి, కాస్త అల్లం లేదా పుదీనా వేయించుకుంటే ఈ చిక్కే లేదు.

ఇలాంటిదే ఇంకొకటి ఉంది. కడుపు ఉబ్బరంగా ఉంటే కొందరు నీళ్లలో వంటసోడా వేసి, నిమ్మరసం పిండి, పొంగుతుండగా తాగేస్తారు. ఇదీ సోడానే కదా అనుకుంటారు. కానీ ఇక్కడ బుడగలు వంటసోడా విడిపోవడం వల్ల పుట్టాయి. గ్యాస్ పైకి పోతుంది, సోడియం మాత్రం గ్లాసులోనే మిగులుతుంది. వంటసోడా బరువులో 27 శాతం సోడియం. ఒక టీస్పూనులో 1,200 మిల్లీగ్రాములు దాటుతుంది. నీటిలో వేయగానే పొంగే ఫ్రూట్ సాల్ట్ పొడుల్లోనూ బుడగలు పుట్టేది ప్రధానంగా ఇలాగే. సిలిండరు గ్యాస్‌తో చేసిన సోడాకూ వీటికీ పోలిక లేదు.

సీసా కొనేటప్పుడు చూడాల్సినవి రెండే. మొదటిది పదార్థాల జాబితా. కార్బొనేటెడ్ వాటర్ అని మాత్రమే ఉంటే ఏమీ కలపలేదని అర్థం. దాని పక్కన ఆమ్లత్వాన్ని నియంత్రించే పదార్థాలంటూ ఐఎన్‌ఎస్ నంబర్లు ఉంటే వాటిని గమనించాలి. 500 అంటే సోడియం కార్బనేట్లు, 331 అంటే సోడియం సిట్రేట్లు. ఇవి కనబడితే సోడియం కలిపినట్టే. 501, 508, 515 అంటే పొటాషియం లవణాలు. కిడ్నీ జబ్బు వల్ల పొటాషియం తగ్గించమన్నవాళ్లు ఆ నంబర్లను కూడా చూసుకోవాలి. రెండోది పోషక విలువల పట్టికలో సోడియం వరస. అక్కడ అంకె 100 మి.లీ.కా, గ్లాసుకా, లీటరుకా అన్నది తప్పనిసరిగా చూడాలి. మన దగ్గర తయారైన సోడా మీద అంకె సాధారణంగా 100 మి.లీ.కు ఉంటుంది, విదేశీ మినరల్ వాటర్ మీద లీటరుకు ఉంటుంది. ఒకదాని మీద 21, ఇంకోదాని మీద 118 చూసి మొదటిదే నయమనుకుంటే పొరపాటు. లీటరు లెక్కన మొదటిది 210. యూరప్ సీసాల మీద సోడియం తక్కువ తినాల్సినవాళ్లకు అనువైనది అని రాయాలంటే అది లీటరుకు 20 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. ఆ మాట కనబడితే నిశ్చింతగా తీసుకోవచ్చు.

ఇంట్లో టీడీఎస్ మీటరు ఉన్నవాళ్లు దాన్ని సోడాలో ముంచి చూస్తుంటారు. ఆ మీటరు నీటిలో కరిగిన లవణాలన్నింటినీ కలిపి అంచనా కడుతుంది. అందులో సోడియం ఎంతో విడదీసి చెప్పలేదు. గెరోల్‌స్టైనర్ నీటిలో కరిగిన ఖనిజాలు లీటరుకు 2,000 మిల్లీగ్రాములు దాటుతాయి, సోడియం మాత్రం అందులో ఇరవయ్యో వంతు దరిదాపుల్లోనే. రుచి కూడా నమ్మదగ్గ సాక్ష్యం కాదు. బైకార్బనేట్ రూపంలో ఉన్న సోడియం ఉప్పులా ఉప్పగా తగలదు.

బీపీ కోసం ఉప్పు తగ్గిస్తున్నవాళ్లు రోజుకో సోడా తాగినంత మాత్రాన లెక్క తప్పదు, గ్లాసులో ఉప్పు పడనంత వరకు. గుండె బలహీనపడి లేదా కిడ్నీలు దెబ్బతిని డాక్టరు సోడియానికి, రోజు తాగే నీటికి కూడా కొలత పెట్టినవాళ్ల విషయం వేరు. వాళ్లు లవణాలు కలపని సోడా ఎంచుకోవాలి, దాన్ని కూడా రోజు నీటి లెక్కలో కలుపుకోవాలి.