ట్రాకింగ్ తెర చెప్పేదేమిటి?

పార్సిల్ ఇప్పుడెక్కడుందో ట్రాకింగ్ తెర చూపిస్తుందని చాలామంది నమ్మకం. నిజానికి అది చెప్పేది ఒక్కటే: బార్‌కోడ్‌ను ఆఖరిసారి ఎక్కడ, ఎప్పుడు స్కాన్ చేశారో. 1974 జూన్ 26న అమెరికాలోని ఓహాయోలో ఒక దుకాణంలో చూయింగ్ గమ్ ధర కట్టడానికి వాడిన ఆ గీతల పద్ధతే నేడు మన తపాలాకూ ఆధారం.

చెన్నై రాజాజీ సాలైలోని జనరల్ పోస్టాఫీసులో గుంటూరుకు స్పీడ్ పోస్ట్ ఇచ్చామనుకుందాం. కౌంటర్‌లో బార్‌కోడ్ అంటించి స్కాన్ చేయగానే తెర మీద Item Booked అని పడుతుంది. తర్వాత దాన్ని మిగతా వాటితో కలిపి సంచిలో వేసి సీలు వేస్తారు. ఆ సంచికి వేరే నంబరు ఉంటుంది. అక్కడి నుంచి స్కాన్ అయ్యేది సంచే, లోపలి పార్సిల్ కాదు. సంచి విప్పి మళ్లీ ఒక్కొక్కటీ స్కాన్ చేసేదాకా మన నంబరు కింద కొత్త కబురు రాకపోవచ్చు. In Transit అంటే చాలావరకు ఈ మౌనమే. ఒకటి రెండు రోజులు అలా ఉంటే కంగారు పడనక్కర్లేదు. నాలుగైదు రోజులు దాటినా సంచి బయల్దేరినట్టే ఉండి చేరినట్టు లేకపోయినా, సంబంధం లేని ఊరి పేరు కనబడినా ఫిర్యాదు చేయాలి. రెండో సందర్భంలో ముందు రసీదు మీద పిన్‌కోడ్ చూడండి. గుంటూరు 522తో మొదలవుతుంది. అక్కడ తప్పు పడితే పార్సిల్ దారే మారిపోతుంది.

Out for Delivery అన్నది పోస్ట్‌మ్యాన్ మన వీధిలోకి వచ్చాడన్న మాట కాదు. పొద్దున ఆఫీసులో ఆయన బీటుకు ఆ రోజు పార్సిళ్లు అప్పగించినప్పుడే ఆ మాట నమోదవుతుంది. సాయంత్రం దాకా ఆగండి. మర్నాడు కూడా అదే మాట పడి పార్సిల్ రాకపోతే డెలివరీ పోస్టాఫీసులో అడగండి.

అసలు తొందరపడాల్సింది డెలివరీకి ప్రయత్నించామన్న మాట చూసినప్పుడు. పక్కనే కారణం ఉంటుంది. తలుపు తాళం అంటే పార్సిల్ తిరిగి ఆఫీసు చేరిందని అర్థం. చిరునామా దొరకలేదంటే ఇంటి నంబరో, ఫోన్ నంబరో సరిచేయించాలి. మీరు ఇంట్లోనే ఉన్నా తాళం అని రాసి ఉంటే, నమోదైన సమయం చూపించి అడగండి. ఆఫీసు పార్సిల్‌ను దాచేది మామూలుగా ఏడు రోజులే. ఆ తర్వాత అది చెన్నైకి తిరుగుముఖం పడుతుంది. కాబట్టి గుర్తింపు కార్డు, ట్రాకింగ్ నంబరు తీసుకుని వెంటనే వెళ్లాలి.

చిరునామా సరిగా లేదు, లింకు నొక్కి డబ్బు కట్టండి అని వచ్చే ఎస్సెమ్మెస్‌లు మోసగాళ్లవి. ఏ అనుమానం వచ్చినా indiapost.gov.in లో మీ నంబరు మీరే కొట్టి చూసుకోండి. పార్సిల్ చేతికందేదాకా రసీదు పారేయకండి.