నారు మంచిదో కాదో ఎలా చూడాలంటే...

చిరంజీవి అల్లుడికి, వానలు వెనకబట్టాయి, మా మిరప నాట్లు దాదాపు అయిపోయాయి.

డాబా మీద పెంచడానికి మొక్కలు కొనాలని నువ్వు ఫోన్లో చదివిన జాబితాలో సగం కొట్టెయ్యి. బెండ, గోరుచిక్కుడు, తోటకూర, పాలకూరలకు నారెందుకురా? విత్తనం నేరుగా కుండీలో వేస్తేనే అవి బాగా వస్తాయి. బెండకు తల్లివేరు తిన్నగా కిందికి దిగుతుంది. పీకి నాటితే అది దెబ్బతిని మొక్క గిడసబారుతుంది. సొర, బీర కూడా గింజలే పెట్టు. నర్సరీకి వెళ్లాల్సింది టమాటా, వంగ, మిరప, ఈ మూడింటి కోసమే. మొదటిసారికి నాలుగు టమాటా, మూడేసి వంగ, మిరప చాలు. చచ్చేవి చావగా మిగలడానికి ఒక్కో రకంలో ఇంకో రెండు తెచ్చుకో.

నర్సరీలో నీకు ముందుగా కనబడేవి నల్ల కవర్లలో పూత, పిందె మీద ఉన్న మొక్కలు. పట్నంవాళ్లు వాటికే ఎగబడతారు, అమ్మేవాడికీ అవే లాభం. కానీ ఆ చిన్న కవర్లో వేరుకు చోటు చాలక, తిండి అందక అది తొందరపడి పూతకు వచ్చింది. పెద్ద కుండీలోకి మార్చాక వేరు పెంచుకోవాలా, కాయ మోయాలా అని రెండింటికీ చెడుతుంది. నాలుగు కాయలిచ్చి ఆగిపోతుంది. ఇప్పటికే కొనేసి ఉంటే నాటేటప్పుడు ఆ పూత, పిందె గిల్లెయ్యి.

కవర్ల జోలికి పోకుండా ప్రోట్రేలో పెంచిన నారు అడుగు. నారు వయసెంతో కూడా అడుగు. టమాటా 25 రోజులు, వంగ 30, మిరప 40, అటూ ఇటూగా ఉండాలి. నాలుగైదు అసలు ఆకులు వచ్చి, పొట్టిగా, కాండం గట్టిగా ఉన్నది మంచి నారు. జానెడు పొడుగు సాగి, లేత పసుపు రంగులో వాలిపోయేది నీడలో ఇరుకున పెరిగింది, డాబా మీది గాలికి నిలవదు. టమాటా ఒక్కటి కొంచెం సాగినా ఫరవాలేదు. కింది ఆకులు తీసేసి కాండం లోతుగా పాతితే మట్టిలో ఉన్న భాగం నుంచి కూడా వేళ్లు పుడతాయి. మిరప విషయంలో ఆ భరోసా లేదు, సాగిన నారు వదిలెయ్యి.

తర్వాత వేరు చూడాలి. ట్రే గడి అడుగున వేలితో నొక్కి, ఒక మొక్కను కొబ్బరిపొట్టు గడ్డతో సహా పైకి తియ్యమను. గడ్డ విడిపోకుండా వచ్చి, చుట్టూ తెల్లటి వేళ్లు కనబడితే సరైన అదును. గడ్డ రాలిపోతే ఇంకా లేత. వేళ్లు గోధుమరంగుకు తిరిగి గడ్డ చుట్టూ చుట్టుకుపోయి ఉంటే ముదిరిన నారు. కాండం మట్టిని తాకే చోట నీరు పట్టినట్టు మెత్తబడి సన్నగా ఉంటే అది నారుకుళ్లు. ఒక్క మొక్కలో కనబడినా ఆ ట్రే మొత్తం వద్దను.

అన్నిటికంటే ముఖ్యం ఆకు అడుగు. చేత్తో ట్రే మీద ఒకసారి నిమురు. బియ్యపు నూకల్లాంటి తెల్లటి పురుగులు లేచి మళ్లీ ఆకుల కిందికే చేరితే అది తెల్లదోమ. టమాటాకు ఆకుముడత వైరస్ అంటించేది అదే. అంటిన వెంటనే ఏమీ తెలియదు. నువ్వు ఇంటికి తెచ్చి నాటాక, కొన్నాళ్లకు చిగుళ్లు ముడుచుకుని మొక్క గుబురుగా కుంచించుకుపోతుంది. దానికి మందు లేదు, పీకి పారెయ్యడమే. అందుకే ఆకు పచ్చగా ఉందని కొనకు, దోమ ఉంటే మరో నర్సరీకి పో. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ల అర్క రక్షక్ టమాటా దొరికితే అదే తీసుకో, ఆ ముడతను తట్టుకుంటుంది. అయితే అది హైబ్రిడ్, దాని గింజ దాచి మళ్లీ వేసుకుంటే అదే పంట రాదు. మిరపలో ఆకు పైకి ముడిస్తే తామర పురుగు, కిందికి ముడిస్తే నల్లి. రెండూ వద్దు.

తెచ్చిన రోజే ఎండలో పెట్టకు. నర్సరీలో షేడ్‌నెట్ కింద ఉన్న నారు డాబా ఎండకు ఒక్క పూటలో మాడిపోతుంది. నాలుగైదు రోజులు పొద్దుటి ఎండ మాత్రమే తగలనిచ్చి, కొంచెం కొంచెం పెంచు. నాటడం సాయంత్రం పెట్టుకో. టమాటా, వంగకు 15 అంగుళాల కుండీ, మిరపకు 12 అంగుళాలది చాలు.

డబ్బులివ్వక ముందే, నర్సరీలో నిలబడి, ఆకు అడుగు, వేరు ఫోటో తీసి నాకు వాట్సాప్ చెయ్యి. పొలంలో ఉన్నా చూసి చెబుతాను.

ఇట్లు,
మామయ్య